మధ్యాహ్నం 2 గంటల 31 నిమిషాలకు నెట్ ఆగింది

మే నెల, గుంటూరులో ఒక మేడ ఇల్లు అనుకుందాం. పై పోర్షన్‌లో ఉండే ఆవిడ ఒక మెడికల్ కోడింగ్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నారు. పొద్దున తొమ్మిదింటికి లాగిన్ అయితే భోజనాల వేళ దాకా ఏ ఇబ్బందీ ఉండదు. ఒంటిగంట దాటిందంటే చాలు, ఉన్నట్టుండి నెట్ ఆగిపోతుంది. మూడు నాలుగు నిమిషాలు అంతే. మళ్లీ దానంతట అదే వస్తుంది. ఇంకో గంటకు మళ్లీ పోతుంది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే రౌటర్ ఆపి ఆన్ చేయమన్నారు. చేసేలోగా నెట్ వచ్చేసింది, కంప్లైంట్ మూసేశారు. రెండోసారి ఫోన్ చేస్తే టెక్నీషియన్ వచ్చారు, సాయంత్రం ఆరున్నరకు. పెట్టె మీద లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి చూపించారు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు 94 వచ్చింది. "బాగానే వస్తోంది కదమ్మా" అని వెళ్లిపోయారు. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. ఆయన చూసిన వేళకు లైను నిజంగానే బాగుంది.

పూర్తిగా తెగిన లైనును బాగు చేయించుకోవడం తేలిక. ఎప్పుడు వచ్చి చూసినా అది తెగే ఉంటుంది. ఆగి ఆగి వచ్చే లైను అలా కాదు. మనిషి వచ్చేసరికి సర్దుకుంటుంది, వెళ్లాక మళ్లీ మొదలవుతుంది. ఇలాంటి చోట "నెట్ తరచూ కట్ అవుతోంది, దయచేసి చూడండి" అని ఎన్నిసార్లు రాసినా ప్రయోజనం ఉండదు. ఎప్పుడు ఆగిందో, ఎంతసేపు ఆగిందో, ఆ వేళ ఇంట్లో ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో రాసి పంపితే అదే ఉత్తరం పని చేయిస్తుంది.

దానికి కారణం కంపెనీ ఆఫీసులో ఉంది. ఫైబర్ కనెక్షన్లలో మన ఇంటి పెట్టెకు అవతలి కొసన, కంపెనీ ఎక్స్ఛేంజిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. ఒక్కో ఇంటి పెట్టెతో సంబంధం ఎప్పుడు తెగింది, ఎప్పుడు కలిసింది అనేది ఆ యంత్రం టైముతో సహా నమోదు చేసుకుంటుంది. ఎందుకు తెగిందో కూడా కొంతవరకు చెప్పగలదు. ఇంట్లో కరెంటు పోయినప్పుడు చాలా రకాల పెట్టెలు పూర్తిగా ఆరిపోయే ముందు మిగిలిన కాస్త శక్తితో ఒక చివరి సందేశం పంపుతాయి. ఇంజినీర్లు దాన్ని డైయింగ్ గ్యాస్ప్ అంటారు, కొన ఊపిరి అన్నమాట. ఆ సందేశం వచ్చి తెగితే కరెంటు సమస్య. అది లేకుండా కాంతి మాత్రమే ఆగిపోతే కేబుల్‌లోనో జాయింట్‌లోనో లోపం. వినియోగదారు 14:31 అని రాస్తే అవతల ఇంజినీరు తన లాగ్‌లో 14:31 దగ్గరకు వెళ్లి చూసుకోగలడు. "మధ్యాహ్నాలు" అని రాస్తే అతను వెతికేదేమీ ఉండదు. అందుకే టైము ఫోన్‌లో చూసి, 24 గంటల పద్ధతిలో రాయాలి. గోడ గడియారం అయిదు నిమిషాలు ముందుంటే ఆ శ్రమంతా వృథా.

మరి రోజంతా పెట్టె ముందు కూర్చుని టైము రాసుకునేదెవరు? ఆ పని కంప్యూటర్‌కే అప్పగించవచ్చు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యం పరిశోధనశాలలో పనిచేస్తున్న మైక్ మూస్ అనే ప్రోగ్రామర్, తన నెట్‌వర్క్ ఎందుకు తిక్కగా ప్రవర్తిస్తోందో తెలుసుకోవడానికి పింగ్ అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. జలాంతర్గాములను వెతికే సోనార్ చప్పుడే దానికి పేరైంది. ఒక పిలుపు పంపి, జవాబు వచ్చిందా, ఎంతసేపట్లో వచ్చింది అని చూడటమే దాని పని. నలభై ఏళ్లు దాటినా ఇంటి నెట్ పరీక్షకు అంతకంటే సులువైనది లేదు. విండోస్ కంప్యూటర్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ వరస ఇస్తే, ప్రతి జవాబు పక్కనా తేదీ, టైము వేసి ఒక ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది. ఆపాలంటే కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కాలి.

```
ping -t 8.8.8.8 | ForEach-Object { "$(Get-Date -Format 'dd-MM HH:mm:ss') $_" } | Tee-Object -FilePath "$HOME\net.txt" -Append
```

ఇందులో 8.8.8.8 అనేది గూగుల్ నడిపే సర్వర్ చిరునామా, అంటే ఇంటి బయటి ప్రపంచం. రెండో విండో తెరిచి ఇదే వరసను 192.168.1.1కు, అంటే ఇంట్లోని రౌటర్‌కు ఇవ్వాలి. ఫైల్ పేరు కూడా మార్చాలి. కొన్ని పెట్టెలకు ఈ అంకెలు వేరుగా ఉంటాయి, పెట్టె అడుగున అంటించిన స్టిక్కర్ మీద చూసుకోవచ్చు. కంప్యూటర్‌ను వైఫైతో కాకుండా వైరుతో రౌటర్‌కు కలపడం ముఖ్యం. ఈ రెండు పరీక్షలూ పక్కపక్కనే నడవడంలోనే అసలు విషయమంతా ఉంది. నెట్ ఆగిన వేళ రౌటర్ నుంచి కూడా జవాబు రాకపోతే లోపం ఇంట్లోనే ఉంది, వైరో, రౌటరో, దాని అడాప్టరో చూసుకోవాలి. రౌటర్ చక్కగా జవాబిస్తూ, బయటి నుంచి మాత్రం రాకపోతే తప్పు కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న వైరులో లేదు. "మీ వైఫై సమస్య అయి ఉంటుంది" అనే మాటకు ఈ రెండు ఫైళ్లే జవాబు.

ఈ ఫైల్ చదివేటప్పుడు చాలామంది పొరపడే చోటు ఒకటుంది. జవాబు రాని ప్రతి పిలుపుకూ విండోస్ నాలుగు సెకన్లు ఎదురుచూస్తుంది. కాబట్టి మూడు నిమిషాలు నెట్ పోతే `Request timed out.` అనే వరసలు 180 ఉండవు, నలభై దగ్గర ఉంటాయి. వరసలను సెకన్లుగా లెక్కపెడితే మూడు నిమిషాలు ముప్పావు నిమిషం అయిపోతుంది. ఇంకో రకంగానూ దెబ్బ తగులుతుంది. బయటి దారి మూసుకుపోయినప్పుడు కొన్ని రౌటర్లు ఊరుకోకుండా `Destination net unreachable` అని తామే జవాబిస్తాయి. విండోస్ దాన్ని కూడా వచ్చిన జవాబుగానే లెక్కేసి, చివర్లో నష్టం సున్నా శాతం అని చూపించేస్తుంది. అందుకని కింద వచ్చే శాతాన్ని నమ్మకూడదు. పైన టైములతో ఉన్న వరసలే చూడాలి.

గుంటూరు ఇంటావిడ అయిదు రోజులు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఈ పరీక్ష నడిపారు. 9 సార్లు నెట్ ఆగింది, మొత్తం 30 నిమిషాలు. శాతంలో చెబితే అది ఒకటి దగ్గర. 99 శాతం బాగున్న లైనుకు టెక్నీషియన్‌ను ఎవరు పంపుతారు? అదే టైములు వరసగా రాస్తే మాత్రం సంగతి బయటపడుతుంది. తొమ్మిదీ ఒంటిగంటకూ మూడున్నరకూ మధ్యనే. మబ్బు పట్టి వాన పడిన రోజు ఒక్కసారి కూడా లేదు.

ఎండకూ నెట్‌కూ ఏదో సంబంధం ఉందని అక్కడే అనుమానం కలిగింది. దాన్ని తేల్చే అంకె పెట్టెలోనే ఉంటుంది. బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టి లోపలికి వెళితే, చాలా పెట్టెల్లో `Rx Optical Power` అని ఒక వరస కనిపిస్తుంది. ఫైబర్‌లోంచి పెట్టెకు చేరుతున్న కాంతి ఎంతో అది చెబుతుంది. డీబీఎం అనే కొలతలో, ఎప్పుడూ మైనస్ గుర్తుతో ఉంటుంది. మైనస్ అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతున్నట్టు. మూడు అంకెలు దిగజారితే కాంతి సగమైపోయినట్టు. ఇళ్లలో ఎక్కువగా వాడే జీపాన్ రకం పెట్టెలకు మైనస్ 27 దగ్గర అంచు అనుకోవచ్చు. అది దాటితే పెట్టె ఆ కాంతిని చదవలేదు, ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు మిణుకుమంటుంది. కంపెనీ ఆ పేజీని తాళం వేసి ఉంచితే బాధపడనక్కర్లేదు, ఎర్ర లైటు వెలిగిన క్షణంలో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. పచ్చరంగు మూతి ఉన్న ఫైబర్ వైరును మాత్రం ఇంట్లోవాళ్లు ఊడదీయకూడదు. కొసకు దుమ్ము అంటితే సమస్య ఇంకా పెరుగుతుంది. అందులో వచ్చే కాంతి కంటికి కనపడదు, దానిలోకి చూడటం ప్రమాదం.

ఆవిడ చేసిన ఇంకో మంచి పని కింద పోర్షన్ వాళ్లను అడగడం. వాళ్లదీ అదే కంపెనీ. ఆ టైముల్లో వాళ్లకు ఒక్కసారి కూడా నెట్ పోలేదు. అందరికీ ఒకేసారి పోతే లోపం వీధిలోని పెద్ద కేబుల్‌లోనో ఎక్స్ఛేంజిలోనో ఉంటుంది. ఒక్క ఇంటికే పోతే, స్తంభం మీది డబ్బా నుంచి ఆ ఇంటికి వచ్చే సన్న కేబుల్‌లోనే వెతకాలి. ఒక్క ప్రశ్నతో వెతికే చోటు ఊరంత నుంచి అరవై మీటర్లకు తగ్గిపోయింది.

ఇంత సమాచారం ఉన్నా ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఆవిడ పంపినది ఇలా ఉంటుంది.

"గుంటూరు, మే 17.

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఫైబర్ లైను ఆగి ఆగి రావడం, మధ్యాహ్నం వేళ టెక్నీషియన్‌ను పంపవలసిందిగా విన్నపం. కస్టమర్ ఐడీ, గతంలో మూసేసిన రెండు కంప్లైంట్ల నంబర్లు పైన రాశాను.

అయ్యా, మా లైను మే 12 నుంచి 16 వరకు, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 మధ్య, 9 సార్లు ఆగింది. ఆ టైములు:

మే 12: 13:42 నుంచి 13:45, 14:31 నుంచి 14:35.
మే 13: 13:20 నుంచి 13:22, 14:05 నుంచి 14:09, 15:10 నుంచి 15:13.
మే 14: ఒక్కసారీ ఆగలేదు. ఆ రోజు వాన.
మే 15: 13:51 నుంచి 13:54, 14:48 నుంచి 14:52.
మే 16: 13:33 నుంచి 13:36, 14:26 నుంచి 14:30.

వైరుతో కలిపిన కంప్యూటర్ నుంచి పరీక్షించాను. ఆ టైములన్నిటిలోనూ 192.168.1.1 నుంచి జవాబులు వచ్చాయి, 8.8.8.8 నుంచి రాలేదు. ఆగిన ప్రతిసారీ పెట్టె మీద ఎల్ఓఎస్ ఎర్ర లైటు మిణుకుమంది. పెట్టె ఇన్వర్టర్ మీద నడుస్తోంది. ఈ అయిదు రోజుల్లో ఒక్కసారీ ఆగి మళ్లీ ఆన్ కాలేదు, లోపలి పేజీలో అప్‌టైమ్ చూసి చెబుతున్నాను.

పెట్టెకు అందుతున్న కాంతి: మే 14 మధ్యాహ్నం 14:00కు, వానలో, మైనస్ 24.3. మే 16 ఉదయం 8:00కు మైనస్ 24.2, మధ్యాహ్నం 14:20కి మైనస్ 27.4, రాత్రి 21:00కు మైనస్ 24.9.

కింద పోర్షన్‌లో మీ కనెక్షనే ఉంది. ఈ టైముల్లో వారికి నెట్ ఆగలేదు.

కాబట్టి ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం 1 నుంచి 3:30 మధ్య, పవర్ మీటర్, స్ప్లైసింగ్ మిషన్ ఉన్న టెక్నీషియన్‌ను పంపగలరు. స్తంభం డబ్బా దగ్గర, మా పెట్టె దగ్గర రెండు చోట్లా కాంతి కొలిపించగలరు. బాగు చేశాక మూడు ఎండ రోజులు చూసేవరకు కంప్లైంట్ మూయవద్దని మనవి. పరీక్షల ఫైళ్లు, ఎర్ర లైటు ఫొటో జతచేశాను.

ఇట్లు,"

కింద సంతకం, ఫోన్ నంబరు. ఇందులో కోపం లేదు, "మీ సర్వీసు చెత్త" అన్న మాట లేదు, మూడేళ్లుగా కడుతున్న బిల్లుల ప్రస్తావన లేదు. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఉత్తరం చదివే ఇంజినీరు చూసేది తన లాగ్‌తో పోల్చుకోగల టైములు, ఏ సామాను ఇచ్చి మనిషిని పంపాలో చెప్పే అంకెలు. స్ప్లైసింగ్ మిషన్ అన్ని వేళలా టెక్నీషియన్ సంచిలో ఉండదు. అడగకపోతే అతను చూసి వెళ్లి, మళ్లీ రావాల్సి వస్తుంది. వాన రోజు ఏమీ జరగలేదని రాయడం కూడా చాలా విలువైన వాక్యం. ఆగని రోజును దాచిపెడితే ఎండ సంగతి ఎవరికీ తట్టదు.

ఈ ఉత్తరం చేతికొచ్చిన టెక్నీషియన్ మధ్యాహ్నం రెండింటికి వస్తే ఏం కనిపిస్తుంది? స్తంభం డబ్బాలో మీటర్ పెడితే మైనస్ 20.1. ఇంటి పెట్టె దగ్గర మైనస్ 27. మధ్యలో ఏడు అంకెలు పోయాయి. మంచి ఫైబర్‌లో కిలోమీటరు దూరం వెళ్లినా కాంతి ఒక అంకెలో సగం కూడా తగ్గదు. అరవై మీటర్లలో ఏడు పోయిందంటే కేబుల్ పొడవు వల్ల కాదు, ఒకే చోట ఏదో తేడా ఉంది. మేడ పిట్టగోడ మీద, నేరుగా ఎండ పడే నల్ల జాయింట్ డబ్బాలో ఆ చోటు దొరుకుతుంది. అక్కడ రెండు ఫైబర్ కొసలను మిషన్‌తో అతికించకుండా, చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్లతో కలిపి ఉంచారు. కొసలు సరిగ్గా కోయకపోతేనో, లోపల కదిలితేనో ఇలాంటి కనెక్టర్ చల్లపూట పనిచేస్తుంది, డబ్బా వేడెక్కి ప్లాస్టిక్ సాగేసరికి కొసల మధ్య సందు పెరుగుతుంది. మిషన్‌తో కరిగించి అతికిస్తే ఆ జాయింట్‌లో పోయే కాంతి ఒక అంకెలో పదోవంతు దగ్గర. ఆ పని అయ్యాక ఇంటి పెట్టె దగ్గర మైనస్ 20.4 వస్తే లోపం తీరినట్టే. సాయంత్రం ఆరున్నరకు వచ్చిన మొదటి టెక్నీషియన్ మీటర్ పెట్టి ఉంటే మైనస్ 25 దగ్గర చూసేవారు, అప్పుడే అనుమానం వచ్చేది. స్పీడ్ టెస్ట్ దాన్ని చూపించలేదు. అంచు దాటనంతవరకు కాంతి తగ్గినా స్పీడ్ తగ్గదు.

ప్రతి అంతరాయానికీ ఇంటికి మనిషి రావడమే మందు కాదు, ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. ఎర్ర లైటు వెలగకుండా, పాన్ లైటు పచ్చగా నిలకడగా ఉండి, ఇంటర్నెట్ లైటు మాత్రం ఆరితే కాంతి బాగానే వస్తున్నట్టు. లాగిన్ సెషన్ తెగుతోంది, అది కంపెనీ సర్వర్ల దగ్గర చూసుకోవాల్సిన పని. అప్పుడు ఉత్తరంలో టెక్నీషియన్‌ను కాదు, ఆ టైములకు సెషన్ రికార్డులు చూడమని అడగాలి. రోజూ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య నెట్ తెగకుండా నెమ్మదించి, పింగ్ జవాబులు వందల మిల్లీసెకన్లు పడితే అది రద్దీ. ఇంటికి ఎంతమంది వచ్చినా అది తీరదు.

కంప్లైంట్ ఇచ్చినప్పుడు వచ్చే డాకెట్ నంబరు భద్రంగా దాచుకోవాలి. ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి టెలికాం కంపెనీలో రెండు మెట్లు ఉండాలి. మొదట కంప్లైంట్ సెంటర్, అక్కడ తేలకపోతే కంపెనీలోనే అప్పీలు అధికారి. అప్పీలుకు ఆ నంబరు కావాలి. విడి వినియోగదారుల ఫిర్యాదులను ట్రాయ్ నేరుగా విచారించదు కాబట్టి మొదటి ఉత్తరమే అక్కడికి పంపితే కాలం వృథా. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు వినవచ్చని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పింది. అంత దూరం వెళ్లాల్సి వచ్చినా ముందుగా అడిగేవి ఈ కాగితాలే.

టెక్నీషియన్ పని ముగించి బయలుదేరేముందు రెండు సంగతులు మరవకండి. కొన్ని కంపెనీలు కంప్లైంట్ మూయడానికి మీ ఫోన్‌కు ఓటీపీ పంపుతాయి. మీటర్ అంకె మీ కళ్లతో చూశాకే అది చెప్పండి. ఆ అంకెను తేదీతో సహా పెట్టె పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. వచ్చే వేసవిలో మళ్లీ నెట్ ఆగితే ముందుగా పోల్చుకోవాల్సింది దానితోనే.